రెండు రోజుల బీదర్

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు ఆఫీసు క్యాబ్ దిగి ఇంటికొచ్చాను. బ్యాగు ఒక కుర్చీలో పడేసి నేను ఇంకో కుర్చీలో పడ్డాక మా ఆవిడ అడిగింది: "రేపు ఎటైనా పోదామా?" తను కూడా అరగంట ముందే ఇల్లు చేరింది. ఇద్దరం ఫోన్లు తీశాం. ఊళ్ల పేర్లు, హోటళ్ల ఫొటోలు, ఒకరు స్వర్గమన్న చోటునే ఇంకొకరు నరకమన్న అభిప్రాయాలు. పదకొండున్నర దాకా వెతికి, బిర్యానీ తెప్పించుకు తిని పడుకున్నాం. శని, ఆదివారాలు బట్టలు మడతపెట్టుకోవడంతోనే గడిచిపోయాయి. మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఈ కథ తెలియని అపార్ట్‌మెంటు ఉండదు.

అంతకుముందొకసారి దీనికి పూర్తిగా విరుద్ధమైన తప్పు చేశాం. ఒక రిసార్టుకు వెళ్దామని వారం ముందే ఎక్సెల్ షీటు వేశాను. ఆరింటికి బయల్దేరడం, ఎనిమిదింటికి టిఫిన్, తొమ్మిదిన్నరకు వ్యూ పాయింట్. ఎనిమిదింటి టిఫిన్ తొమ్మిదింపావుకు వచ్చింది. అక్కణ్నుంచి షీటంతా వెనకబడింది. నేను వాచీ చూసుకుంటూ అందర్నీ తొందరపెడుతూనే ఉన్నాను. రిసార్టులో గది ఫొటోలో ఉన్న గది కాదు. ఆదివారం సాయంత్రం టోల్‌గేటు ముందు గంటన్నర నిలబడ్డాం. ఆ రెండు రోజులూ నేను చేసింది ప్రాజెక్టు మేనేజర్ ఉద్యోగమే, జీతం లేకుండా.

ఆ తర్వాత నాకర్థమైంది ఒకటుంది. ప్లాన్ లేకుండా హాయిగా తిరిగి రావడం మన మనస్తత్వం మీద కన్నా ఎంచుకున్న ఊరి మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. కొన్ని ఊళ్లు దానికి ఒప్పుకోవు. శ్రీశైలం గొప్ప చోటే. కానీ దారిలో నల్లమల అడవి చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరింటికి తెరుస్తారు. అంటే గడియారం చూసుకునే బయల్దేరాలి. నాగార్జునసాగర్ వెళ్తే అసలు చూడాల్సిన నాగార్జునకొండ నీళ్ల మధ్యలో ఉంది. లాంచీ నడిస్తేనే ప్రయాణం, లేకపోతే డ్యామ్ చూసి తిరిగి రావడమే. అనంతగిరి దగ్గరే, కానీ ఆదివారం అక్కడికి సగం హైదరాబాద్ వస్తుంది. మనం తప్పించుకుందామనుకున్న జనమే అక్కడ మన పక్కన కారు పార్కు చేస్తారు.

ఒప్పుకునే ఊరు ఎలా ఉండాలి? మూడు గంటల్లో చేరగలగాలి. సొంత కారు లేకపోయినా ఇబ్బంది ఉండకూడదు. చూడాల్సినవన్నీ ఒక ఆటో తిరిగేంత దూరంలో ఉండాలి. గది తప్ప ముందుగా బుక్ చేసుకోవాల్సింది ఏదీ ఉండకూడదు. ఒకచోట తాళం వేసి ఉంటే పక్కనే ఇంకోటి ఉండాలి. హైదరాబాద్ చుట్టూ ఈ లెక్కకు సరిగ్గా సరిపోయేది నాకు తెలిసినంతలో బీదర్. వాయవ్యంగా సుమారు 140 కిలోమీటర్లు. కర్ణాటకలో ఉందన్న మాటే గానీ 1956 నవంబరు 1 దాకా అది మన హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లా. జహీరాబాద్ అప్పుడు బీదర్ జిల్లాలోనే ఉండేది. ఆటోవాళ్లతో, కొట్టువాళ్లతో మన హైదరాబాదీ హిందీ బ్రహ్మాండంగా నడుస్తుంది, ఎందుకంటే అది కూడా వాళ్ల దక్కనీయే.

నిర్ణయించుకోవాల్సినవి మూడే: ఎలా వెళ్లాలి, ఎక్కడ పడుకోవాలి, ఎప్పుడు తిరిగి రావాలి. నాలుగోది వద్దు.

వెళ్లడానికి రైలు మంచిది. హైదరాబాద్, సికింద్రాబాద్‌ల నుంచి బీదర్ వైపు వెళ్లే బండ్లలో చాలావరకు లింగంపల్లిలో ఆగుతాయి. పడమటి వైపు ఉండేవాళ్లకు ఊళ్లోకి వెళ్లే పని లేదు. బండి శంకర్‌పల్లి దాటి వికారాబాద్‌లో పర్లీ లైను పట్టుకుంటుంది. మూడు గంటలు అనుకోండి, ఆలస్యమైతే నాలుగు. రైలు వేళ కుదరకపోతే ఎంజీబీఎస్ నుంచి బస్సులున్నాయి. తెలంగాణ ఆర్టీసీవీ తిరుగుతాయి, కల్యాణ కర్ణాటక ఆర్టీసీవీ తిరుగుతాయి. కారైతే ముంబై హైవే మీద సంగారెడ్డి, సదాశివపేట మీదుగా జహీరాబాద్ దాకా వెళ్లి, అక్కడ కుడివైపు తిరిగితే ఇంకో 30 కిలోమీటర్లు. కాకపోతే శనివారం పొద్దున ఏడు దాటాక బయల్దేరితే పటాన్‌చెరు దాటేసరికే వారమంతా పడ్డ చిరాకు మళ్లీ వచ్చేస్తుంది. పైగా కారులో ఒకరు డ్రైవరుగా మిగిలిపోతారు. రైల్లో ఇద్దరూ కిటికీ పక్కనే.

గది ఊరి మధ్యలోనో, బస్టాండు దగ్గరో చూసుకోండి. బీదర్‌లో పెద్ద రిసార్టుల్లేవు, అదొక అదృష్టం. శుభ్రమైన లాడ్జీ, వేడినీళ్లు, దోమలు రాని కిటికీ ఉంటే చాలు. పొద్దంతా ఎలాగూ బయటే ఉంటాం. రెండు రాత్రులు వద్దు, ఒక్కటే. మూడో నిర్ణయం తిరుగు టికెట్టు. ఆదివారం సాయంత్రం బండ్లలో విద్యార్థులు, ఉద్యోగస్తులు కిక్కిరిసి ఉంటారు. వెళ్లే టికెట్టు తీసుకున్నప్పుడే వచ్చే టికెట్టు కూడా తీసేసుకుంటే రెండు రోజులూ ఆ ఆలోచన బుర్రలోకి రాదు.

వికారాబాద్ దాటాక కిటికీలోంచి చూస్తే నేల రంగు మారుతుంది. నల్లరేగడి మధ్య మధ్య ఎర్రటి పొరలు. కోహీర్ వచ్చేసరికి ఎరుపే ఎక్కువ. కోహీర్ జామకాయలకు పేరు. చలికాలంలో వెళ్తే కొనకుండా ఉండలేరు. ఆ ఎరుపును కొంచెం గుర్తుపెట్టుకోవాలి, బీదర్‌లో చూసేవాటిలో సగం దాన్నుంచి వచ్చినవే.

బీదర్ ఊరు ఒక ఎత్తైన పీఠభూమి అంచున ఉంది. హైదరాబాద్ కన్నా వంద మీటర్లకు పైగా ఎత్తు, అందుకే సాయంత్రాలు కాస్త చల్లగా ఉంటాయి. పైన ఉన్నది లేటరైట్ అనే ఎర్రరాయి. తేనెపట్టులా సన్నసన్న బొక్కలతో ఉంటుంది. దీనికో విచిత్ర గుణం ఉంది. నేలలోంచి తవ్వేటప్పుడు మెత్తగా ఉండి గొడ్డలికీ గునపానికీ లొంగుతుంది. గాలి తగిలి ఆరేకొద్దీ ఇనుములా గట్టిపడుతుంది. బహమనీ సుల్తాను అహ్మద్ షా 1420ల్లో గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడు. వేటకు వచ్చినప్పుడు ఇక్కడి బక్కజంతువు వేటకుక్కల మీదికే తిరగబడిందని, ఆ నేల మహిమ చూసి కోట కట్టాడని ఊళ్లో చెప్పుకుంటారు. మన దగ్గర పెద్ద కోట ఉన్న ఊరికల్లా ఈ కథే ఉంటుంది. నా లెక్కలో ఆయన చూసింది కుందేలు కాదు, రాయి.

శనివారం మధ్యాహ్నం గదిలో బ్యాగులు పెట్టి, తిని, ఒక కునుకు తీసి, మూడున్నర తర్వాత కోటకు వెళ్లండి. అంతకుముందు వెళ్తే ఎండ. కోట లోపల చాలాచోట్ల నీడ ఉండదు. దక్షిణం వైపు కోటగోడ పక్కన నిలబడి కిందికి చూస్తే కందకం కనిపిస్తుంది. మామూలుగా కోటకు ఒక కందకం ఉంటుంది. ఇక్కడ మూడు, పక్కపక్కనే. వాటి మధ్యలో ఉన్నవి కట్టిన గోడలు కావు. మూడు కాలువలు తవ్వి, వాటి మధ్య రాతిని గట్లలా అలాగే వదిలేశారు. శత్రువు ఒక కందకం పూడ్చుకుని దాటితే ఎదురుగా రాతిగట్టు. అది ఎక్కి దిగితే మళ్లీ కందకం. మెత్తగా తవ్వబడి తర్వాత గట్టిపడే రాయి కాబట్టే ఇది సాధ్యమైంది. గోల్కొండలా గ్రానైటు గుట్ట అయి ఉంటే ఈ పని మొదలుపెట్టినవాడి మనవలు కూడా పూర్తిచేసి ఉండేవాళ్లు కాదు.

లోపలికి వెళ్లే దారిలో శర్జా దర్వాజా. శర్జా అంటే పులి. తలుపు పైన రెండు పులులు చెక్కి ఉంటాయి. ఆ తర్వాత గుంబద్ దర్వాజా, అది దాటాక ఎడమా కుడీ శిథిలాలు. కోట చుట్టుకొలత సుమారు నాలుగు కిలోమీటర్లు. అంతా చూడాలని పెట్టుకోకండి. సోలా ఖంబా మసీదు, దాని ముందు లాల్‌బాగ్ తోట, పక్కన ఒకటి రెండు మహళ్లు. అంతే చాలు. సోలా ఖంబా 1423–24లో కట్టింది, అంటే కోటలోని చాలా కట్టడాల కన్నా పాతది. లోపల లావాటి గుండ్రటి స్తంభాలు వరసల మీద వరసలు, ఎటు నిలబడి చూసినా బారుగా కనిపిస్తాయి.

రంగీన్ మహల్ గురించి ఒక మాట. దీనికి ఎక్కువసార్లు తాళం వేసి ఉంటుంది. తాళం చూసి చాలామంది తిరిగి వెళ్లిపోతారు. మేమూ మొదటిసారి అలాగే వచ్చేశాం. దగ్గర్లోని మ్యూజియం దగ్గర పురావస్తు శాఖ సిబ్బంది ఉంటారు. మర్యాదగా అడిగితే, పని లేని వేళైతే, వచ్చి తెరుస్తారు. లోపల ఎంతసేపూ ఉండదు, రెండు మూడు గదులంతే. కానీ ఆ నల్లరాయిలో ముత్యపుచిప్ప ముక్కలు పొదిగిన తలుపు చట్రం దగ్గర మా ఆవిడ పది నిమిషాలు కదల్లేదు. తల కాస్త అటూ ఇటూ ఊపితే చిప్పల్లో రంగు ఆకుపచ్చలోంచి గులాబీలోకి జారుతుంది. బరీద్‌షాహీల్లో అలీ బరీద్ 16వ శతాబ్దంలో దీన్ని ఇలా తీర్చిదిద్దించాడు. నల్లటి దాని మీద తెల్లటి మెరుపు పొదగడమన్న ఆలోచనను కాస్త పట్టుకోండి, రేపు మళ్లీ కలుస్తుంది.

చీకటి పడేలోపు బయటికి రావాలి. కోట నుంచి చౌబారా దాకా నడకే. చౌబారా అంటే పాత ఊరి మధ్యలో గుండ్రటి పొడుగాటి బురుజు, ఎత్తు 22 మీటర్ల దాకా ఉంటుంది. ఒకప్పుడు పైనుంచి కాపలా కాసేవాళ్లు. ఇప్పుడు దాని చుట్టూ పూలబళ్లు, చాయ్ కొట్లు. కోటకూ చౌబారాకూ మధ్య దారిలోనే మహమూద్ గవాన్ మదర్సా వస్తుంది. సాయంత్రం వెలుతురులో చూడాల్సింది ఇదే.

గవాన్ ఇరాన్‌లోని గీలాన్ నుంచి వర్తకుడిగా వచ్చి బహమనీ రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యాడు. 1472లో ఈ విద్యాలయం కట్టించాడు. మూడంతస్తులు, మధ్యలో పెద్ద అంగణం, చుట్టూ విద్యార్థుల గదులు. ముందు వైపు గోడంతా నీలం, పసుపు, తెలుపు రంగు పలకలతో మెరిసేది. ఇప్పుడు ముఖద్వారం ఒక పక్కే మిగిలింది, ఒకే మీనారు ఉంది. ఔరంగజేబు కాలంలో లోపల నిలవ చేసిన మందుగుండు పేలి మిగతా సగం ఎగిరిపోయింది. మిగిలిన మీనారు దగ్గరికి వెళ్లి చూస్తే పలకలు ఊడిన చోట సున్నం, ఊడని చోట ఇంకా తాజాగా నీలం. గవాన్ కథ కూడా అలాగే సగంలో తెగింది. గిట్టనివాళ్లు అతని ముద్ర సంపాదించి, ఒరిస్సా గజపతిని దండెత్తి రమ్మని అతనే రాసినట్టు ఉత్తరం పుట్టించారు. సుల్తాను మూడో మహమ్మద్ షా విచారించకుండానే 1481 ఏప్రిల్‌లో తల తీయించాడు. అదెక్కడ జరిగిందో తెలుసా? మన కొండపల్లిలో. సైన్యంతో సుల్తాను అక్కడ మకాం వేసినప్పుడు. బీదర్‌లో బడి కట్టించినవాడి ప్రాణం బొమ్మల ఊళ్లో పోయింది.

శనివారానికి ఇంతే. రాత్రి జొన్నరొట్టె, పల్లీల చట్నీ పొడి, వంకాయ కూర దొరికే భోజనశాల పట్టుకోండి. ఇక్కడివాళ్లు వాటిని ఖానావళి అంటారు. రొట్టె పెనం మీంచి నేరుగా కంచంలోకి వస్తుంది. మాంసాహారులకు బీదర్ వీధులు వేరే చెప్పక్కర్లేదు.

ఆదివారం పొద్దున అష్టూర్. ఊరికి తూర్పుగా మూడు నాలుగు కిలోమీటర్లు. ఇక్కడ మాకు జరిగింది చెబుతాను. వెళ్లేటప్పుడు ఆటో దొరికింది, దింపి వెళ్లిపోయింది. తిరిగి రావడానికి ఒక్క ఆటో లేదు. ఎండలో సగం దూరం నడిచాక ఒక ట్రాక్టరాయన ఎక్కించుకున్నాడు. అందుకని ఊళ్లోనే ఆటో అతనితో "సుబే సే దోపహర్ తక్" అని మాట్లాడుకుని, ఆగి ఉండమనండి. అష్టూర్, బిద్రీ పనివాళ్ల వీధి, గురుద్వారా, అన్నీ ఆ ఒక్క ఆటోలోనే అయిపోతాయి. మొత్తం ప్రయాణంలో బేరం ఆడాల్సింది అక్కడొక్కటే.

అష్టూర్‌లో బహమనీ సుల్తానుల సమాధులు పొలాల పక్కన బారుగా ఉంటాయి. ఒక చివర అహ్మద్ షా వలీది, పెద్దది. ఆ వరసలో ముందుకు నడుస్తుంటే గుమ్మటాలు చిన్నవవుతూ వస్తాయి. ఆఖరి సుల్తానులు పేరుకే సుల్తానులు, అధికారం బరీద్‌ల చేతిలోకి పోయింది. సమాధికి కూడా డబ్బు చాల్లేదు. చరిత్ర పుస్తకంలో నాలుగు పేజీలు పట్టేది అక్కడ పావుగంట నడకలో కళ్లకు కడుతుంది. మధ్యలో ఒకటి గుడ్డు పెంకులా నిలువునా చీలి ఉంటుంది. అది హుమాయూన్ సుల్తానుది. మొఘల్ హుమాయూన్ కాదు. 1458 నుంచి 1461 దాకా ఏలిన ఈయనకు చరిత్రకారులు పెట్టిన పేరు జాలిం, క్రూరుడని. పిడుగు పడి సమాధి పగిలింది. ఊరివాళ్లు ఆ సంగతి చెప్పేటప్పుడు ముఖంలో ఒక తృప్తి కనిపిస్తుంది.

అహ్మద్ షా సమాధి లోపల చీకటి. కాసేపు నిలబడితే గానీ గోడలు కనబడవు. మేం వెళ్లినప్పుడు అక్కడి పెద్దాయన ఒక అద్దం ముక్క పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బయటి ఎండను అద్దంతో పట్టి లోపలికి తిప్పాడు. వెలుగు గోడ వెంట పాకుతూ కప్పు మీదికి ఎక్కింది. ఎరుపు, బంగారం, వాటిలో చుట్టుకుపోయిన అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. టార్చి వేస్తే ఇలా ఉండదు. ఏటా ఇక్కడ జరిగే జాతరకు హిందువులు, ముస్లింలు ఇద్దరూ వస్తారు. లింగాయత జంగముడొకాయన కాలినడకన వచ్చి దాన్ని మొదలుపెడతాడు. అంతమంది తమవాడనుకునే సుల్తాను దక్కనులో మరొకరు లేరేమో.

తిరిగి ఊళ్లోకి వచ్చాక బిద్రీ పనివాళ్ల దగ్గరికి. ఈ రెండు రోజుల్లో నేనెక్కువ సేపు గడిపింది ఇక్కడే. బిద్రీ సామాను మీరు చూసే ఉంటారు. నల్లటి కూజా మీద వెండి తీగల పూలు. 2006లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడి కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చింది. కానీ వీధిలో ఉన్నవి చిన్న చిన్న గదులు. నేల మీద కూర్చుని పనిచేసేవాళ్లు. ఫ్యాను, రేడియో, ఉలి శబ్దం.

జింకులో కొద్దిగా రాగి కలిపి కరిగిస్తారు. సాధారణంగా జింకు పదహారు పాళ్లయితే రాగి ఒక పాలు. ఆముదం, గుగ్గిలం కలిపిన మట్టి అచ్చులో పోత పోస్తారు. వచ్చిన వస్తువును ఆకురాయితో నున్నగా చేస్తే వెండిలా తెల్లగా ఉంటుంది. దాని మీద మైలుతుత్తం నీళ్లు పూస్తే తాత్కాలికంగా నల్లబడుతుంది. అది గీసిన గీత కనబడడానికి మాత్రమే. నమూనా కాగితం లేకుండా మొనదేలిన సూదితో ముగ్గేసినట్టు తీగలు, ఆకులు గీస్తారు. తర్వాత ఆ గీతల వెంట సన్నటి ఉలితో గాడి తీస్తారు. గాడిలో వెండి తీగ పెట్టి చిన్న సుత్తితో కొట్టి కూర్చోబెడతారు. ఆ తర్వాత మళ్లీ రాపిడి. ఈ దశలో వస్తువు చూస్తే దిగులేస్తుంది. తాత్కాలిక నలుపు పోయింది, జింకూ తెలుపే, వెండీ తెలుపే. మూడు రోజులు పడ్డ కష్టం ఎక్కడా కనబడదు.

అప్పుడు మట్టి వస్తుంది. కోట లోపల ఎండా వానా తగలని పాత గోడల మరుగున ఉన్న మట్టి. దాన్ని నీళ్లలో నవాసారంతో కలిపి మరిగిస్తారు. కాస్త వేడి చేసిన వస్తువు మీద దాన్ని పూసి రుద్దుతారు. మా కళ్ల ముందే తెల్లటి పెట్టె మూత మసి పట్టినట్టు నల్లగా మారింది. కానీ వెండి గీతలు మారలేదు. లోహంలో ఉన్న ఆ కాస్త రాగి మట్టిలోని లవణాలతో కలిసి నలుపు తేలుస్తుంది. రాగి లేని జింకు ఇంత నల్లబడదు. వెండి అసలు లొంగదు. ఆఖరికి నూనె చుక్క వేసి గుడ్డతో తుడిస్తే నిన్న రంగీన్ మహల్‌లో చూసిన తలుపే అరచేతిలో ఉన్నట్టుంది.

"ఏ మట్టి అయినా పనికొస్తుందా, భాయ్?" అని అడిగాను.

ఆయన నవ్వి, డబ్బాలోంచి చిటికెడు తీసి తన నాలుక మీద వేసుకున్నాడు. నాకూ చిటికెడు ఇచ్చాడు. "జబాన్ పే రఖో సాబ్. ఇదే పరీక్ష." ఉప్పగా, కాస్త చురుక్కుమంది. బాగా పనిచేసే మట్టి నాలుకకు తెలిసిపోతుందట. వాళ్ల నాన్న అలాగే చెప్పాడు, ఆయన నాన్నా అంతే.

కొనేవాళ్లకు రెండు మాటలు. చేత్తో పట్టుకుంటే అసలు బిద్రీ బరువుగా ఉంటుంది. వెండి గీత మీద గోరు నడిపిస్తే మిట్టగా తగలకూడదు, గాడిలో సమంగా ఉండాలి. తెల్ల గుడ్డతో గట్టిగా తుడిస్తే నలుపు అంటకూడదు. అంటితే రంగు పూసినట్టే. ఇంటికి తెచ్చాక చింతపండుతోనో, ఇత్తడి తోమే పొడితోనో తోమకండి. పులుపు జింకును తినేసి నలుపును లేపేస్తుంది. కొబ్బరినూనె చుక్కతో మెత్తటి గుడ్డ చాలు. మా అత్తగారు అభిమానం కొద్దీ చింతపండు వేసి తోమిన ఒక బిద్రీ భరిణె మా ఇంట్లో పులి చారల్లా ఉంది.

మధ్యాహ్నం గురునానక్ ఝీరా గురుద్వారా. గురునానక్ 16వ శతాబ్దం మొదట్లో ఇటు వచ్చినప్పుడు ఇక్కడ నీటి ఊట పుట్టిందని సిక్కుల నమ్మకం. సిక్కుల పంచ్ ప్యారేల్లో ఒకరైన భాయీ సాహిబ్ సింగ్ ఈ ఊరివాడే. లంగర్‌లో రొట్టె, పప్పు ఎవరికైనా పెడతారు. తల మీద గుడ్డ కప్పుకుని వరసలో కూర్చోవడమే. భోజనం ఎక్కడన్న ప్రశ్న కూడా అలా తీరిపోతుంది.

ఓపిక ఉన్నవాళ్లు దగ్గర్లోని నరసింహ ఝరణీకి వెళ్లొచ్చు. గుహలో నడుము నుంచి ఛాతీ దాకా నీళ్లలో నడిచి వెళ్లి స్వామిని దర్శించుకోవాలి. తల మీద గబ్బిలాలు. ఫోను పట్టుకెళ్లే వీల్లేని చోటు కాబట్టి మాలాంటివాళ్లకు మంచిదే. కానీ ఊపిరి ఆడడం కష్టమయ్యేవాళ్లు, ఇరుకంటే భయపడేవాళ్లు బయటే ఆగాలి. రద్దీని బట్టి, నీటిమట్టాన్ని బట్టి ఒక్కోసారి లోపలికి పంపరు. పంపకపోతే వదిలేయండి. ఈ గుహలో ఊట, గురుద్వారాలో ఊట, పాపనాశ శివుడి గుడి దగ్గర ఊట, మూడింటికీ కారణం పొద్దున మనం చూసిన ఆ ఎర్రరాయే. వాన నీరు దాని బొక్కల్లోంచి ఇంకి కిందికి దిగుతుంది. అడుగున నల్లరాయి తగిలి ఆగుతుంది. ఇంక దారి లేక పక్కకు పారి, పీఠభూమి అంచున ఎక్కడో బయటపడుతుంది. పర్షియా నుంచి వచ్చినవాళ్లు ఈ సంగతి పసిగట్టి ఊరి కింద సొరంగ కాలువలే తవ్వారు, వాటిని కరేజ్ అంటారు. నౌబాద్ దగ్గర నేల మీద వరసగా కనిపించే లోతైన బావులు వాటి గాలిగొట్టాలే.

ఈ ప్లాను చెడేది ఎప్పుడో కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో కోటలో సాయంత్రం ఐదుకు కూడా రాయి కాలుతుంది, వద్దు. జోరువానలో ఎర్రరాయి మెట్ల మీద నాచు జారుతుంది, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. ఆగస్టు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. సోమవారం సెలవు కలిసొచ్చిన వారం వెళ్లకండి, అప్పుడు గది దొరకడమే ఒక ప్రాజెక్టు అవుతుంది. ఇంకో సంగతి, బీదర్‌లో వైమానిక దళ స్థావరం ఉంది. విన్యాసాలు చేసే సూర్యకిరణ్ జట్టు ఉండేది ఇక్కడే. పనిదినాల్లో శిక్షణ విమానాల మోత ఉంటుంది. నిశ్శబ్దం కోసం వచ్చేవాళ్లకు శని, ఆదివారాలే నయం.

సాయంత్రం బండి రాకముందు స్టేషన్ బయట చాయ్ తాగుతుంటే మా ఆవిడ తన బూట్లు చూపించింది. అడుగున, కుట్ల సందుల్లో ఎర్రమట్టి. దులపబోతే పట్టుకుని ఆపింది. "ఉండనియ్యి. సోమవారం స్టాండప్ మీటింగులో కిందికి చూస్తా." బండి లింగంపల్లి చేరేసరికి తొమ్మిది కావొచ్చింది. కోహీర్‌లో కొన్న జామకాయల్లో రెండు మిగిలాయి, అవే రాత్రి భోజనం.